97వ పేజీ మొదటి పేజీకి ఎలా వచ్చింది



పోయిన సర్వసభ్య సమావేశంలో కొంతమంది మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. కొత్త హాలు సంగతి రెండు బోర్డు సమావేశాల్లో ఎటూ తేలలేదు కదా, మూడో సమావేశంలో అరగంటకే ఎలా తేలిందని. ఆ మధ్యలో ఫీజిబిలిటీ రిపోర్టు మారలేదు. అవే 140 పేజీలు, అవే పటాలు, అవే పట్టికలు. మారింది ఆ రిపోర్టు ముందు పెట్టిన ఎగ్జిక్యూటివ్ సమ్మరీ ఒక్కటే. మొదటిసారి నాలుగు పేజీలు రాసి పంపాం, పని జరగలేదు. రెండోసారి పేజీన్నర రాశాం, పని జరిగింది.

మన సభ్యుల్లో చాలామంది ఉద్యోగాల్లో ఇలాంటి రిపోర్టులు రాసేవాళ్ళో, చదివి సంతకం పెట్టేవాళ్ళో అయివుంటారు. పిల్లల స్కూలు కమిటీల్లో, కాలనీ అసోసియేషన్లలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. అందుకని ఆ నాలుగు పేజీల్లో ఏం తప్పు చేశామో, పేజీన్నరలో ఏం సర్దుకున్నామో భవన ఉపసంఘం తరఫున ఇక్కడ రాస్తున్నాం. అంకెలను చదవడానికి వీలుగా గుండ్రం చేశాం.

ముందుగా చదివేవాళ్ళ సంగతి. మన బోర్డులో పదకొండు మంది. రిపోర్టు వాళ్ళకి గురువారం రాత్రి ఈమెయిల్లో వెళ్ళింది, సమావేశం ఆదివారం భోజనాల తర్వాత. ఆ రోజు చర్చించాల్సినవి మొత్తం తొమ్మిది విషయాలు, హాలు అందులో ఒకటి. పేజీకి రెండు మూడు నిమిషాలు వేసుకున్నా 140 పేజీలకు ఐదారు గంటలు కావాలి. ఒకరు హాస్పిటల్లో నైట్ డ్యూటీ మధ్యలో ఫోనులో చూశారట, ఒకరు పిల్లాడి సాకర్ ప్రాక్టీసు దగ్గర కారులో కూర్చుని చూశారట. వాళ్ళని తప్పు పట్టడానికేం లేదు. మేము ఆ స్థానంలో ఉన్నా అంతే చేసేవాళ్ళం. అసలు రిపోర్టుకి సమ్మరీ ఒక పరిచయం అని మేము అనుకున్నాం. కానీ పదకొండు మందిలో తొమ్మిది మందికి రిపోర్టు అంటే ఆ సమ్మరీయే.

ఆ మొదటి నాలుగు పేజీలు ఎలా ఉన్నాయో చెప్పాలంటే ఇప్పుడు కాస్త సిగ్గుగానే ఉంది. మొదటి పేరా మన సంఘం చరిత్ర. ఎన్ని కుటుంబాలతో మొదలైంది, ఇప్పుడు ఎన్ని కుటుంబాలున్నాయి. రెండో పేరా రిపోర్టు తయారుచేసిన పద్ధతి: ఎవరిని సంప్రదించాం, ఎన్ని సర్వే ఫారాలు పంపాం. ఆ తర్వాత రెండు పేజీల నిండా ఇలాంటి వాక్యాలు: "మూడో అధ్యాయంలో పార్కింగ్ పరిస్థితిని పరిశీలించాము. నాలుగో అధ్యాయంలో వంటశాలకు సంబంధించిన నిబంధనలను వివరించాము. ఐదో అధ్యాయంలో ఆర్థిక అంశాలను విశ్లేషించాము." చివరి పేజీ మూడో పేరాలో అసలు మాట: "తగిన వనరులు సమకూరితే ఈ ప్రాజెక్టు సాధ్యమేనని భావిస్తున్నాము."

ఇది చదివినవాళ్ళకి ఏం చేయాలో ఎలా తెలుస్తుంది? మొదటి సమావేశంలో నలభై నిమిషాలు స్టేజీ ఎత్తు గురించి, గ్రీన్ రూములు ఎటువైపు ఉండాలన్న దాని గురించి మాట్లాడుకున్నారు. ఏది తేల్చాలో కాగితం చెప్పనప్పుడు మనుషులు తమకు తెలిసిన విషయం మాట్లాడతారు. స్టేజీ అందరికీ తెలుసు. రెండో సమావేశంలో వంటింటి చిమ్నీ మీద అంతే సేపు గడిచింది. లేవబోయే ముందు కోశాధికారి గారు మమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "బ్యాంకు వాయిదా కట్టాలంటే హాలు ఏడాదికి ఎన్నిసార్లు అద్దెకు పోవాలండీ?"

మా దగ్గర జవాబు లేదు. రిపోర్టులో ఉంది, ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. ఆ సాయంత్రం వెతికితే 97వ పేజీలో, ఒక అనుబంధ పట్టిక కింద చిన్న అక్షరాల్లో దొరికింది. దాని సంగతికి వస్తాం.

రెండోసారి రాయడానికి కూర్చున్నప్పుడు మాలో ఒకరు, ఉద్యోగంలో ఇలాంటి కాగితాలు చాలా చూసినావిడ, ఒక పద్ధతి చెప్పారు. సమ్మరీ రాయకండి, ముందు తీర్మానం రాయండి అన్నారు. బోర్డు ఔనంటే మినిట్స్ పుస్తకంలో కార్యదర్శి ఏ వాక్యం రాసుకోవాలో ఆ వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. చాలా తేలికైన పని అనుకున్నాం. గంట పట్టింది.

మొదట రాసింది "కొత్త హాలు నిర్మాణాన్ని ఆమోదించడమైనది" అని. ఆవిడ వరసగా అడిగారు. ఏ హాలు, 400 సీట్లదా, 250 సీట్లదా? ఎంత ఖర్చుకి ఆమోదం? అప్పు తీసుకోవడానికి కూడా ఇదే అనుమతా? కౌంటీ వాళ్ళు ఒప్పుకోకపోతే ఈ తీర్మానం ఏమవుతుంది? ఒక్కొక్క ప్రశ్నకీ మా ఆరుగురిలో రెండు మూడు రకాల జవాబులు వచ్చాయి. ఉపసంఘంలోనే ఏకాభిప్రాయం లేని విషయాన్ని బోర్డు ముందు పెట్టి, వాళ్ళు తేల్చలేదని మేము నొచ్చుకున్నామన్నమాట.

ఇక్కడ ఫీజిబిలిటీ రిపోర్టు స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. అది సాధారణంగా కట్టాలా వద్దా అన్న ఆఖరి నిర్ణయానికి రాసేది కాదు. తర్వాతి అడుగు వేయడానికి డబ్బు పెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి రాసేది. మట్టి పరీక్ష కాలేదు, డిజైను గీయలేదు, కాంట్రాక్టర్ల దగ్గర టెండర్లు రాలేదు. అలాంటప్పుడు 42 లక్షల డాలర్లకు ఔనా కాదా అని అడిగితే ఏ డైరెక్టరైనా జంకుతారు, జంకాలి కూడా. కానీ "85 వేల డాలర్లు పెట్టి ఈ మూడు సంగతులు తెలుసుకుందామా?" అని అడిగితే అది వేరే ప్రశ్న. ఔనన్నా పెద్దగా మునిగేదేం లేదు, కాదన్నా ఎందుకో చెప్పగలరు. ఈ తేడా మేము ముందే గ్రహించి ఉంటే రెండు సమావేశాలు మిగిలేవి.

తీర్మానం ఒక రూపానికి వచ్చాక, సమ్మరీలోకి ఏది రావాలో తేల్చడానికి ఒకే కొలత పెట్టుకున్నాం. ఈ వాక్యం తీసేస్తే ఎవరి ఓటైనా మారుతుందా? సంఘం చరిత్ర తీసేస్తే ఎవరి ఓటూ మారదు, వాళ్ళంతా ఆ చరిత్రలో ఉన్నవాళ్ళే. సర్వే ఎలా చేశామన్నది తీసేసినా మారదు. పార్కింగ్ సంగతి తీసేస్తే మారుతుంది, ఎందుకంటే దాని మీదే కౌంటీ అనుమతి ఆధారపడి ఉంది.

అయితే పార్కింగ్ సంగతిని ఎలా రాయాలి? ఇక్కడ మా పాత నాలుగు పేజీల్లోని అసలు జబ్బు బయటపడింది. "పార్కింగ్ పరిస్థితిని పరిశీలించాము" అన్నది విషయసూచిక రాసే పద్ధతి. పెట్టె మీద పేరు రాసి పెట్టె మూసి ఇవ్వడం లాంటిది. సమ్మరీలో పెట్టె తెరిచి లోపలున్నది చేతిలో పెట్టాలి. ఇప్పుడు అది ఇలా ఉంది: "కౌంటీ నాలుగు సీట్లకు ఒక కారు స్థలం అడుగుతోంది. 250 సీట్ల హాలుకు 63 కావాలి, మనకు 90 ఉన్నాయి. ఆదివారం ఉదయం మాత్రం ఆ 90 గుడికే చాలవు, కాబట్టి ఆ సమయంలో హాలు అద్దెకు ఇవ్వకూడదు." చదివినాయన రిపోర్టు తెరవక్కర్లేదు. అనుమానం ఉంటే తెరవడానికి పక్కన పేజీ నంబరు ఇచ్చాం. మీరు రాసిన సమ్మరీకి ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం సులువు. రిపోర్టు రాయకముందే, కేవలం అధ్యాయాల పేర్లు చూసి రాయగలిగే వాక్యాలు అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మా నాలుగు పేజీల్లో సగానికి పైగా అలాంటివే.

ఇక 97వ పేజీ.

మొదట్లో మా మొగ్గు 400 సీట్ల హాలు, పెద్ద వంటశాల, అన్నీ ఒకేసారి కట్టేయడం వైపు ఉండేది. అంచనా 42 లక్షల డాలర్లు. సభ్యుల హామీలు 16 లక్షలు, బ్యాంకు అప్పు 20 లక్షలు, మిగతా 6 లక్షలు విరాళాలు సేకరించాలి. ఆ అప్పుకి 7 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళ గడువు అనుకుంటే ఏడాదికి వాయిదాలు సుమారు లక్షా 86 వేలు. హాలు నడపడానికి కరెంటు, హీటింగు, ఇన్సూరెన్సు, శుభ్రత కలిపి 60 వేలు. ఇప్పుడు మనం స్కూలు ఆడిటోరియాలకు కడుతున్న అద్దె 70 వేలు మిగులుతుంది. అంటే ఏడాదికి లక్షా 76 వేలు హాలు అద్దెల మీద రావాలి. ఒక బుకింగుకి ఖర్చులు పోను 2,500 డాలర్లు మిగిలితే, 71 బుకింగులు కావాలి.

రిపోర్టు 80 బుకింగులు వస్తాయని అనుకుని మిగులు చూపించింది. 71 కన్నా 80 ఎక్కువే కదా, ఇంకేం? ఆర్థిక అధ్యాయం చివర "ప్రాజెక్టు తన ఖర్చు తాను భరించుకోగలదు" అని రాసి ఉంది. ఆ వాక్యాన్నే మేము మా నాలుగు పేజీల్లోకి ఎత్తి రాసుకున్నాం. ఆ 80 ఎక్కణ్ణుంచి వచ్చిందో 97వ పేజీలో ఉంది: ఈ ఊళ్ళోని ఒక విందుల హాలు ఏడాదికి ఎన్నిసార్లు బుక్ అవుతోందో చూసి వేసిన లెక్క అది.

ఆ హాలు వాళ్ళకి ఆదివారం ఉదయం గుడి లేదు. ఆషాఢం లేదు. మన క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఏడాదికి శనివారాలు 52. ఉగాది, శ్రీరామనవమి, దసరా, దీపావళి, సంక్రాంతి కార్యక్రమాలకు మన హాలు మనకే కావాలి. ఆషాఢంలోనూ పుష్యంలోనూ పెళ్ళి ముహూర్తాలు ఉండవు, మూఢం వచ్చిన ఏడు ఇంకొన్ని వారాలు పోతాయి. ఆ నెలల్లో పుట్టినరోజు పార్టీలు వస్తాయనుకున్నా, నికరంగా అద్దెకిచ్చేందుకు మిగిలే శనివారాలు 40కి మించవు. 71 రావాలంటే ఆ నలభైలో ఒక్కటీ ఖాళీ పోకూడదు, పైగా ఇంకో 31 శుక్రవారం రాత్రులో ఆదివారం సాయంత్రాలో దొరకాలి. పార్కింగ్ అధ్యాయం రాసినవాళ్ళకి ఆదివారం సంగతి తెలుసు. ఆర్థిక అధ్యాయం రాసినవాళ్ళకి అది తెలియదు. రెండు అధ్యాయాల మధ్య అరవై పేజీల దూరం.

ఈ లోపాన్ని మేము కనిపెట్టింది తెలివితేటలతో కాదు. సమ్మరీలో "ఈ సిఫారసు ఏ ఒక్క అంచనా మీద నిలబడి ఉంది? అది ఎంత తగ్గితే సిఫారసు మారుతుంది?" అన్న రెండు వాక్యాలు రాయాలని పెట్టుకోవడం వల్ల బయటపడింది. ప్రతి ఫీజిబిలిటీ రిపోర్టులోనూ అంచనాలు పదుల కొద్దీ ఉంటాయి. వాటిలో చాలావరకు కాస్త అటూ ఇటూ అయినా ఫలితం మారదు. ఒకటో రెండో మాత్రం మారితే అంతా తలకిందులవుతుంది. డైరెక్టర్లకి కావాల్సింది ఆ ఒకటో రెండో, మిగతావి కావు. ఉత్త "రిస్కులు" అని శీర్షిక పెట్టి వాన, ధరల పెరుగుదల, కూలీల కొరత అంటూ పది రాస్తే అసలుది వాటి మధ్య కలిసిపోతుంది.

ఇలా కలిసిపోవడం ఎంత దూరం తీసుకువెళ్తుందో చెప్పడానికి మనందరికీ తెలిసిన ఒక సంఘటన ఉంది. 2003లో కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా వ్యోమనౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, ప్రయోగ సమయంలో ఊడి రెక్కకు తగిలిన ఫోమ్ ముక్క వల్ల ఎంత నష్టం జరిగి ఉంటుందో ఇంజనీర్లు అధికారులకు స్లైడ్ల మీద వివరించారు. ప్రమాదం తర్వాత విచారణ సంఘం ఆ స్లైడ్లలో ఒకదాన్ని ప్రత్యేకంగా తప్పుపట్టింది. దాని శీర్షిక చదివితే పరిస్థితి ఫరవాలేదన్న భావం కలుగుతుంది. అన్నిటికన్నా కింది వరుసలో ఉన్న సంగతి వేరు: గత పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇప్పుడు తగిలినది సుమారు 1920 ఘనపుటంగుళాలు. అంటే ఆ పరీక్షలు ఈ సందర్భానికి పనికిరావు. దాచిపెట్టలేదు, అక్కడే ఉంది, కాకపోతే కింద ఉంది. మన హాలు విషయం దాని ముందు ఆవగింజంత, కానీ మా 97వ పేజీ ఆ కింది వరుస లాంటిదే.

లెక్క తేలాక మా సిఫారసే మారింది. మేము మారిన తర్వాత రాసిన పేజీన్నరను తెలుగులో ఇక్కడ దాదాపు పూర్తిగా ఇస్తున్నాం. వాక్యాల చివర ఉన్న పేజీ నంబర్లు మాత్రం తీసేశాం.

"బోర్డును కోరుతున్నది: 250 సీట్ల హాలును మొదటి దశగా, పెద్ద వంటశాలతో కూడిన విస్తరణను రెండో దశగా కట్టే పథకానికి మట్టి పరీక్ష, ప్రాథమిక డిజైను, కౌంటీ అనుమతి దరఖాస్తు నిమిత్తం 85 వేల డాలర్లకు మించకుండా ఖర్చుపెట్టే అధికారం. బ్యాంకు రుణం, నిర్మాణ ఒప్పందం ఇందులో భాగం కావు. వాటికి మళ్ళీ బోర్డు ముందుకు వస్తాం.

మా సిఫారసు: ఆమోదించండి. 400 సీట్ల హాలు ఒకేసారి కట్టడాన్ని మేము సిఫారసు చేయడం లేదు.

ఎందుకంటే, అద్దె ఆడిటోరియాలకు మనం ఏడాదికి 70 వేలు కడుతున్నాం, అక్కడ వంటకు అనుమతి లేదు. 250 సీట్ల హాలు మన కార్యక్రమాల్లో పెద్ద పండుగలు తప్ప అన్నిటికీ సరిపోతుంది. మొదటి దశ అంచనా 27 లక్షలు. డిజైను లేని ఈ దశలో ఇది 24 నుంచి 32 లక్షల మధ్య ఎక్కడైనా తేలవచ్చు. హామీలు 16 లక్షలు, అందులో చేతికందినవి 9 లక్షలు. మిగతా 11 లక్షలకు రుణం.

ఇది నిలబడాలంటే: ఏడాదికి 43 బుకింగులు కావాలి, బుకింగుకు మిగులు 1,800 డాలర్ల చొప్పున. మన క్యాలెండరులో అద్దెకు వీలున్న శనివారాలు సుమారు 40. మిగిలిన హామీల్లో నాలుగోవంతు రాకపోయి అంత మేరకు రుణం పెరిగితే 52 బుకింగులు కావాలి. అది వస్తుందని మేము చెప్పలేం. కాబట్టి డిజైను అయ్యాక రుణం 11 లక్షలు దాటాల్సివస్తే నిర్మాణానికి వెళ్ళవద్దని మేమే చెబుతాం.

పోయేది: కౌంటీ నిరాకరిస్తే లేదా మట్టి బాగులేదని తేలితే ఈ 85 వేలలో ఎక్కువ భాగం తిరిగిరాదు.

పరిశీలించి వదిలేసినవి: ఒకేసారి 42 లక్షలతో కట్టడం. రెండు దశల్లో మొత్తం 45 లక్షలవుతుంది గనుక ఇది 3 లక్షలు చవక, కానీ ఏడాదికి 71 బుకింగులు కావాలి. ఏమీ కట్టకపోవడం. ఇప్పటికి నష్టం లేదు, 70 వేల అద్దె ఏటా కొనసాగుతుంది, ఇచ్చిన హామీలు ఎంతకాలం నిలుస్తాయో తెలియదు.

గడువు: ఆర్కిటెక్టు చెప్పిన ధర ఈ నెలాఖరు వరకే. ఈ సమావేశంలో తేలకపోతే మళ్ళీ ధర అడగాలి, కౌంటీ దరఖాస్తు తర్వాతి విడతకు పోతుంది."

ఇంతే. ఇందులో కొన్ని చోట్ల మాలో మాకు వాదన జరిగింది. రెండు దశల్లో 3 లక్షలు ఎక్కువవుతుందని మనమే ఎందుకు చెప్పుకోవాలని ఒకరు అన్నారు. చెప్పకపోతే సమావేశంలో ఎవరో ఒకరు 60వ పేజీ నుంచి చదివి వినిపిస్తారు. అప్పుడు మిగతా పేజీన్నర మీద కూడా నమ్మకం పోతుంది. మన సిఫారసుకు వ్యతిరేకంగా ఉన్న గట్టి అంకెను మనమే చెప్పడం వల్ల, సమావేశంలో ఆ మూడు లక్షల మీద ఐదు నిమిషాల్లో మాట ముగిసింది.

"27 లక్షలు" అని ఒకే అంకె రాస్తే చదవడానికి తేలిక కదా అన్నది ఇంకో వాదన. తేలికే, కానీ ఒకే అంకె చెబితే అది మాట ఇచ్చినట్టు అవుతుంది. ఏడాది తర్వాత టెండరు 30 లక్షలకు వస్తే "అప్పుడు 27 అన్నారే" అంటారు. అలాగని 18 నుంచి 40 అని చాలా వెడల్పుగా రాస్తే ఏమీ చెప్పనట్టే. మాకు లెక్కలు వేసిచ్చిన ఎస్టిమేటరు ఈ దశకు 10 శాతం కిందికి, 20 శాతం పైకి అన్నారు, అదే రాశాం. పైకే ఎక్కువ ఎందుకంటే కట్టడాల్లో మరిచిపోయిన ఖర్చులు దొరుకుతాయి తప్ప మరిచిపోయిన ఆదాలు దొరకవు.

ఇక చివరి రోజు జరిగిన ఒక పొరపాటు. పంపడానికి ముందు రాత్రి సమ్మరీలోని ప్రతి అంకెనూ రిపోర్టులో దాని పేజీ తీసి సరిపోల్చాం. ఒకరు సమ్మరీలోంచి అంకె చదవడం, ఇంకొకరు రిపోర్టులో చూపించడం. హామీల మొత్తం రిపోర్టులో 15 లక్షల 40 వేలని ఉంది, సమ్మరీలో 16. కారణం చిన్నదే, రిపోర్టు ముద్రించాక ఇంకో నాలుగు కుటుంబాలు హామీ ఇచ్చాయి. కానీ ఇలాంటి తేడా ఒక్కటి కంటబడినా డైరెక్టర్లు మిగతా అంకెలన్నిటినీ అనుమానిస్తారు. రిపోర్టులో ఆ పేజీ మార్చి, సమ్మరీలో ఏ తేదీ నాటి లెక్కో వేశాం. సమ్మరీని అందరికన్నా ఆఖరున రాయాలని అంటారు, నిజమే. కాకపోతే మా అనుభవంలో దాన్ని రెండుసార్లు రాయాలి. మొదట్లో ఒకసారి, ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో తెలియడానికి. ఆఖరున ఇంకోసారి, దొరికిన జవాబుతో. మొదట్లోనే రాసి ఉంటే 80 బుకింగుల లెక్క ఆర్థిక అధ్యాయం రాసే రోజే తేలిపోయేది.

పంపేముందు ఇంకొక్క పని చేశాం. ఉపసంఘంలో లేని ఇద్దరు సభ్యులకి ఆ పేజీన్నర ఇచ్చి, ఐదు నిమిషాల తర్వాత కాగితం వెనక్కి తీసుకుని మూడు ప్రశ్నలు అడిగాం. మిమ్మల్ని ఏం చేయమంటున్నారు? ఔనన్నాక అంతా చెడితే మనకు పోయేది ఎంత? ఏది తెలిస్తే మీరు కాదంటారు? మొదటాయన మూడింటికీ చెప్పారు. రెండో ఆవిడ రెండో ప్రశ్నకు "27 లక్షలు" అన్నారు. అప్పటికి "పోయేది" అన్న పేరా లేదు, 85 వేల సంగతి పైన తీర్మానంలో మాత్రమే ఉంది. ఆవిడ జవాబు విన్నాకే ఆ పేరా విడిగా పెట్టాం.

ఇంత చేసినా సమ్మరీ చేయలేనివి ఉన్నాయి. బుకింగుకి 1,800 మిగులుతుందన్నది ఇప్పటికీ అంచనాయే, పేజీన్నరలో చక్కగా రాసినంత మాత్రాన అది నిజమైపోదు. అలాగే డైరెక్టర్లలో ఇద్దరికి అసలు సంఘం అప్పు చేయడమే ఇష్టం లేదు. అది అంకెలతో తేలే విషయం కాదు, ఏ సమ్మరీ దాన్ని మార్చదు. ఆ ఇద్దరూ మూడో సమావేశంలో కూడా తమ మాట మీదే ఉన్నారు. కాకపోతే ఈసారి వాళ్ళు స్టేజీ గురించి కాకుండా అప్పు గురించి మాట్లాడారు, రుణం 11 లక్షలు దాటితే మళ్ళీ సర్వసభ్య సమావేశం ముందుకు రావాలన్న షరతు వాళ్ళు అడిగిందే. తీర్మానంలో ఆ వాక్యం చేర్చి, తొమ్మిది మంది ఔనని, ఇద్దరు కాదని ఓటు వేశారు. చర్చ మొత్తం 27 నిమిషాలు.

మట్టి పరీక్ష పూర్తయింది, ఫలితం రావాల్సి ఉంది. పాత నాలుగు పేజీలూ కొత్త పేజీన్నరా పక్కపక్కన పెట్టిన ఫైలు ఆఫీసులో రిపోర్టుతో పాటు ఉంది. ఆదివారాల్లో ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

భవన ఉపసంఘం